పాతపోడు బంజరు కాదు

బీడు అంటే ఏమిటని బళ్లో అడిగితే మా పిల్లలు కూడా "పంట పండని భూమి" అనే రాస్తారు. పాఠాల్లోనూ సినిమా పాటల్లోనూ సభల్లో ఉపన్యాసాల్లోనూ వాళ్లు విన్నది అదే. బీడువారిన నేల, బీడుపడ్డ బతుకు అంటూ ఎక్కడ విన్నా ఆ మాట ఏదో చచ్చిపోయినదాని గురించే వస్తుంది. అదే పిల్లలు సాయంత్రం ఇంటికెళ్లాక తాత "పనసచెట్టు ముక్కని ఈ ఏడు బీడు పెట్టేద్దాం" అంటే, ఆ నేల చచ్చిపోయిందని ఎవరూ అనుకోరు. మళ్లీ ఎన్నేళ్లకి కొడతామని మాత్రమే అడుగుతారు.

మేం కొండరెడ్లం. మా ఇంటి భాష తెలుగే. అందుకే పుస్తకంలోని మాటా మా మాటా ఒకటే అనుకుని పొరబడడం తేలిక. కానీ మైదానంలో పొలం బీడు పడుతుంది. వాన రాకో, పెట్టుబడి లేకో, మనుషులు వలసపోయో పడుతుంది. మేం బీడు పెడతాం. పడడానికీ పెట్టడానికీ ఉన్న ఆ తేడా పిల్లలకి చెప్పకుండా ఈ మాటకి అర్థం చెప్పలేం. బీడు పెట్టడమంటే మాకు వ్యవసాయంలో ఒక పని. నరకడం, కాల్చడం, విత్తడం, కాపలా కాయడం ఎలాగో అదీ అలాగే.

ఎందుకు పెడతామో తెలియాలంటే ముందు పోడు ఎలా నడుస్తుందో చూడాలి. సంక్రాంతి దాటాక పొదలూ చిన్న చెట్లూ నరుకుతాం. ఇప్ప, మామిడి, చింత, జీలుగు లాంటి చెట్లని ముట్టుకోం. నరికిన చెట్లని కూడా మొదలంటా తీసెయ్యం, మోకాలెత్తున మోడు వదిలేస్తాం. ఆ మోడు సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి. నరికిందంతా రెండు మూడు నెలలు ఎండుతుంది. ఎండలు ముదిరాక, వానలకి ముందు కాలుస్తాం. తొలకరి పడగానే జొన్న, సామ, చోడి, కంది, బొబ్బర్లు, గుమ్మడి కలిపి వేస్తాం. సామ ముందుగా కోతకొస్తుంది, తర్వాత జొన్న, అన్నిటికన్నా చివర కంది.

మొదటి ఏడు పంట బాగుంటుంది. ఆ బలం అంతా మట్టిలోదే అనుకుంటారు చాలామంది. సగం బలం చెట్లలోది. చెట్ల వేళ్లు చోడి వేళ్లు అందుకోలేనంత లోతుకి పోయి, అక్కడి సారాన్ని కొమ్మల్లోకీ ఆకుల్లోకీ తెచ్చి దాస్తాయి. కాల్చినప్పుడు అందులో పొటాష్, సున్నం, భాస్వరం బూడిదగా నేలమీద మిగులుతాయి. నత్రజని చాలామటుకు పొగలో పోతుంది, అది మాత్రం నష్టమే. మా ఎర్రమట్టిలో ఉన్న పులుపుని బూడిద కొంత విరుస్తుంది. నేల పైపొరలో ఉన్న కలుపు విత్తనాలు మంట వేడికి చస్తాయి. అందుకే మొదటి ఏడు కలుపుతీతకి రెండుసార్లు పోతే చాలు.

రెండో ఏడు బూడిద ఉండదు. కొంత పంటలో పోతుంది, ఎక్కువ వాననీళ్లలో పోతుంది. గడ్డి రావడం మొదలవుతుంది. మూడో ఏడు ఇంట్లో ఉన్న ఆడవాళ్లందరూ చేనులోనే ఉన్నా కలుపు తరగదు. మా అమ్మలు బీడు పెట్టే రోజుని గింజల కొలతని బట్టి చెప్పేవారు కాదు, తమ నడుముని బట్టి చెప్పేవారు. మూడు రోజులు తీసిన మడిలో నాలుగో రోజు వెనక్కి చూస్తే మళ్లీ పచ్చగా కనబడుతోందంటే, ఇక ఈ ముక్క వదిలేద్దాం అనేవారు. పంట దిగుబడి తగ్గడం కన్నా ముందే కలుపు చెబుతుంది. వ్యవసాయ శాఖ వాళ్లు మమ్మల్ని ఎప్పుడు అడిగినా ఎకరానికి ఎన్ని బస్తాలని అడుగుతారే తప్ప, కలుపుకి ఎన్ని రోజులు పట్టిందని అడగరు. అడిగితే మా బీడు వాళ్లకి సులువుగా అర్థమయ్యేది.

ఇంకో గుర్తు జొన్నమల్లె. జొన్న మొదళ్ల దగ్గర జానెడు ఎత్తున చిన్న తెల్లపూల మొక్క వస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ దాని వేరు జొన్న వేరుని పట్టుకుని పీల్చుకు తింటుంది. అది నేలపైకి కనబడేసరికే లోపల చెయ్యాల్సిన చెరుపు చేసేసి ఉంటుంది. జొన్న ఆకులు నీళ్లున్నా వాడినట్టు కనబడితే అనుమానపడాలి. జొన్నమల్లె సారం తగ్గిన నేలలో రెచ్చిపోతుంది. దాని గింజలు దుమ్ములా సన్నగా ఉంటాయి, ఒక్క మొక్క వేలకొద్దీ రాలుస్తుంది, పదేళ్లు దాటి కూడా మట్టిలో బతికి ఉంటాయి. కాబట్టి బీడు పెట్టగానే అది పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. బీడు చేసేది వేరే. జొన్న దొరకని కొన్నేళ్లలో దాని గింజల్లో కొన్ని పాడవుతాయి, నేలకి సారం తిరిగొచ్చాక వేసిన జొన్న దాని పోటుని తట్టుకుంటుంది. పువ్వు రాకముందే పీకి కాల్చడం అప్పుడూ తప్పదు.

ఇప్పుడు వదిలేసిన ముక్కలో ఏం జరుగుతుందో చూద్దాం. పిల్లలకి మేం ఇదంతా తరగతి గదిలో చెప్పం, బీడులోకే తీసుకెళ్తాం. మా బడి వెనక కొండమీద ఏడాది బీడు, నాలుగేళ్ల బీడు, ఎనిమిదేళ్ల బీడు పక్కపక్కనే ఉన్నాయి. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావచ్చు.

ఏడాది బీడులో పోయిన ఏటి కంది మోళ్లు ఇంకా కాస్తుంటాయి. మా నాటు కంది రెండో ఏడు కూడా కాపునిస్తుంది. దాని చుట్టూ గడ్డి, పిచ్చిమొక్కలు. మేకలు తిరుగుతుంటాయి. నాలుగేళ్ల బీడులోకి వెళ్లాలంటే కత్తి ఉండాలి. గడ్డి పిల్లల తలలకన్నా ఎత్తుంటుంది, ముళ్లపొదలు, తీగలు. బయటివాళ్లు చూసి ఏవగించుకునే బీడు ఇదే. కానీ మోకాలెత్తున వదిలిన మోళ్లని చూడండి. ఒక్కో మోడు నుంచి నాలుగైదు పిలకలు లేచి గడ్డిని దాటిపోయి ఉంటాయి. గింజ మొలిచి చెట్టు కావడానికి పట్టే కాలం వీటికి పట్టదు, ఎందుకంటే కింద పాత వేళ్లు సిద్ధంగా ఉన్నాయి. ఈ మధ్య కొందరు జేసీబీ పెట్టి మోళ్లు పెకలించి చదును చేస్తున్నారు. ఆ ముక్కలు బీడు పెట్టినా అడవి తిరిగి రావడం లేదు, గడ్డి దగ్గరే ఆగిపోతున్నాయి.

ఎనిమిదేళ్ల బీడులో అడుగు పెట్టగానే పిల్లలు చెప్పే మొదటిమాట "చల్లగా ఉంది సార్" అని. కొమ్మలు పైన కలిసిపోయాయి. ఎండ కింద పడదు. ఎండ లేక గడ్డి చచ్చిపోయింది. బీడు చేసిన అసలు పని ఇదే: మూడేళ్లు అంతమంది చేతులతో తీసినా పోని గడ్డిని నీడ ఊరికే చంపింది. కాలికింద ఆకులు మెత్తగా దిగుతాయి. ఆకులు తొలగించి పిడికెడు మట్టి తీస్తే నల్లగా, పొడిపొడిగా, వానపాములు కట్టిన ఉండలతో ఉంటుంది.

అక్కడ ఒక చిన్న పరీక్ష చేయిస్తాం, ఇతర బళ్ల ఉపాధ్యాయులు కూడా చేయించవచ్చు. రెండు పక్కలా మూత తీసిన డబ్బా ఒకటి నేలలోకి నాలుగు వేళ్లు దిగేలా నొక్కి, ఒక గ్లాసు నీళ్లు పోసి, ఇంకేదాకా పిల్లల చేత అంకెలు లెక్కపెట్టించాలి. మూడేళ్లు పంట తీసిన ముక్కలో పోస్తే లెక్క వందలు దాటుతుంది, పిల్లలకి విసుగొచ్చి ఆటలోకి పోతారు. ఎనిమిదేళ్ల బీడులో అంత ఓపిక అక్కర్లేదు. ఆ ఇంకిన నీళ్లే ఎండాకాలం మా ఊటలోకి వస్తాయి.

ఇంకోమాట. బీడులో ఏమీ పండదన్నవాళ్లు మా ఆడవాళ్లతో ఒకరోజు తిరగాలి. చీపురు పుల్ల, అడ్డాకు, వెదురు, అడవి దుంపలు, వంటచెరకు, మేకల మేత అక్కడివే. లెక్కల్లోకి రావు, అంతే.

మైదానంలో కూడా కావాలని బీడు పెట్టేవాళ్లున్నారు. కర్నూలు నల్లరేగడిలో కొందరు రైతులు వానాకాలం అంతా చేను ఖాళీగా ఉంచుతారు. కలుపు లేవకుండా గుంటక తోలుతూ ఉంటారు. వాననీటిని ఆ నేల బాగా పట్టి ఉంచుతుంది, వానలు తగ్గాక ఆ తడిమీదే శనగో జొన్నో వేస్తారు. వాళ్లు దాచుకునేది నీరు, కొన్ని నెలలు చాలు, నేల బోడిగా ఉండాలి. మేం దాచుకునేది సారం, ఏళ్లు కావాలి, నేలకి చెట్టు కప్పు ఉండాలి. వాళ్లలా మా ఏటవాలు కొండని వానాకాలంలో బోడిగా ఉంచితే ఆ మట్టి మర్నాటికి వాగులో ఉంటుంది. రెండూ బీడులే, రెండూ తెలివైన పనులే. నేలనిబట్టి పద్ధతి మారుతుంది.

ఎన్నేళ్లు పెట్టాలి అన్నదాని దగ్గరే మా కష్టం మొదలవుతుంది. ఒక లెక్క వేద్దాం. ఒక కుటుంబం ఏటా రెండు ఎకరాలు సాగుచేస్తుందనుకుందాం. ఒక ముక్కలో మూడేళ్లు పంట. ఆ తర్వాత రెండో ముక్క, మూడోది, నాలుగోది. నాలుగు ముక్కలూ అయ్యేసరికి పన్నెండేళ్లు. పదమూడో ఏట మొదటి ముక్కకి తిరిగొస్తే దానికి తొమ్మిదేళ్ల బీడు దొరికింది. గడ్డి చచ్చింది, మోళ్లు చెట్లయ్యాయి, మళ్లీ కొట్టొచ్చు. ఆ కుటుంబం భూమి ఎంత? రెండెకరాలా, ఎనిమిదెకరాలా?

ఎనిమిది అని మా ఊళ్లో అడుగుతున్నవాడికి కూడా తెలుసు. కానీ రాసేవాళ్ల లెక్క వేరు. దేశమంతటా భూముల లెక్కకి కొన్ని గడులున్నాయి. ఈ ఏడు మాత్రమే పంట వెయ్యనిది ప్రస్తుత బీడు. ఏడాది నుంచి ఐదేళ్ల దాకా వెయ్యనిది ఇతర బీడు. ఐదేళ్లు దాటిందా, అది బీడు కూడా కాదు, సాగుకు పనికొచ్చే బంజరు. పై కుటుంబం పన్నెండో ఏట నాలుగో ముక్క కోస్తున్నప్పుడు ఎవరైనా వచ్చి చూస్తే, మూడో ముక్క మూడేళ్ల బీడు, రెండోది ఆరేళ్లది, మొదటిది తొమ్మిదేళ్లది. అంటే నాలుగు ఎకరాలు బంజరు అయిపోయాయి. సారం బాగా కూడిన ముక్కలే బంజరులో పడ్డాయి. రిజర్వు అడవి హద్దు లోపలైతే ఈ గడులు కూడా లేవు, చెట్టు కనబడితే అది అడవే. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక మా కొండల్లో గీసిన గీతలవి. 1922లో మన్యం తిరగబడిందంటే పోడుమీద పెట్టిన ఆ ఆంక్షలు కూడా ఒక కారణం.

2006 అటవీ హక్కుల చట్టం వచ్చినప్పుడు మాకు మేలు జరుగుతుందనుకున్నాం. కొంత జరిగింది కూడా. 2005 డిసెంబర్ 13 నాటికి ఎవరి స్వాధీనంలో ఉన్న భూమిమీద వాళ్లకి హక్కు, ఒక్కొక్కరికి నాలుగు హెక్టార్లకి మించకుండా. మన కుటుంబం ఎనిమిది ఎకరాలూ ఆ హద్దులోపలే ఉన్నాయి చూడండి. చట్టంలో ఇబ్బంది లేదు. ఇబ్బంది "స్వాధీనం" అనే మాట దగ్గర వచ్చింది. మా ఊరికి కొలతకి వచ్చినవాళ్లు పంటున్న ముక్కే కొలిచారు. పాతపోడు చూపిస్తే "ఇక్కడ చెట్లున్నాయి కదా" అన్నారు. చెట్లు ఉండాలనే కదా వదిలింది! చెట్లు రానివ్వకుండా ఏటా గీకి ఉంచిన కుటుంబానికి ఎక్కువ భూమి రాశారు, పద్ధతిగా బీడు పెట్టిన కుటుంబానికి తక్కువ. అది చూసి తర్వాతి ఏడు మా ఊళ్లో బీడు పెట్టడం సగానికి సగం ఆగిపోయింది. వదిలితే పోతుందన్న భయంతో మనుషులు పండని ముక్కని కూడా పట్టుకుని కూర్చున్నారు.

తక్కువ భూమితో బీడు కాలం తగ్గించుకోవచ్చు కదా అని మా కుర్రాళ్లే అడుగుతారు. నాలుగు ఎకరాలు ఉంటే మూడేళ్లు పంట, మూడేళ్లు బీడు. వినడానికి బాగుంటుంది. కానీ మూడు నాలుగేళ్ల బీడు ఎలా ఉంటుందో పైన చెప్పాం: గడ్డి తలెత్తున ఉంటుంది, చెట్లు ఇంకా దాన్ని మూసెయ్యలేదు. అప్పుడు కొట్టి కాలిస్తే వచ్చేది గడ్డి బూడిద, పల్చటి పొర. మంట పైన ఎగిరిపోతుంది, గడ్డి దుంపకి ఏమీ కాదు, తొలకరికి అదే ముందు లేస్తుంది. బీడుకి మధ్యదశ చెడ్డదశ. అక్కడ తెంపితే కష్టం మిగులుతుంది, ఫలితం రాదు. పిలకల్ని కూడా మూడేళ్లకోసారి నరుకుతుంటే మోడు అలిసి చస్తుంది.

అందుకే చాలామంది జీడిమామిడి పెట్టేశారు. పెట్టొద్దని మేం అనం. చెట్టు ఉంటే స్వాధీనం ఋజువవుతుంది, ఏటా చేతిలోకి డబ్బొస్తుంది. కానీ జీడితోటలో సామ పండదు, బొబ్బర్లు పండవు, ఆ ముక్కకి ఇక బీడు లేదు. అంగన్‌వాడీలో పిల్లల బరువు చూసేటప్పుడు ఈ లెక్క కూడా చూడాలని మాకనిపిస్తుంది.

రెండు మూడు ఎకరాల పట్టాతో ఉన్నవాళ్లు ఏం చెయ్యొచ్చు? నిజమైన బీడుకి సాటి వచ్చేది లేదు, దానికి చుట్టమనదగ్గవి ఉన్నాయి. ముక్కని మూడు పట్టీలు చేసి ఒక పట్టీలో నాటు కంది ఒత్తుగా వేసి రెండేళ్లు కదపకుండా ఉంచడం ఒకటి. కంది వేరు లోతుకి పోతుంది, గాలిలోని నత్రజనిని బుడిపెల్లో పట్టి నేలకిస్తుంది, ఆకు రాలుస్తుంది, మనకి కందులూ ఇస్తుంది. తొలకరికి జనుము గానీ జీలుగ గానీ చల్లి, పూత దశలో, అంటే నెలన్నర దాటాక, కోసి అక్కడే పరచడం ఇంకోటి. (జీలుగ అంటే మనం కల్లు గీసే జీలుగు కాదు, పచ్చిరొట్ట మొక్క. పేరు విని ఒక కుర్రాడు ఆశపడ్డాడు.) చదునులో అయితే కలియదున్నుతారు, కొండవాలులో దున్నకుండా పరచడమే మేలు. జొన్నమల్లె ఉన్న చోట బొబ్బర్లు వేస్తే ఆ వేరు వాసనకి జొన్నమల్లె గింజలు మొలిచి, పీల్చడానికి జొన్న లేక చస్తాయి. ఇవన్నీ నత్రజనినీ మట్టి మెత్తదనాన్నీ కొంత తెస్తాయి. లోతునుంచి సారాన్ని తోడడం, గడ్డిని నీడతో చంపడం వీటివల్ల కాదు. ఆ మాట ముందే చెప్పి మరీ మొదలుపెట్టాలి.

హక్కుల సంగతిలో మేం చేసింది చెబుతాం. మా ఊళ్లో ప్రతి పోడు ముక్కకీ పేరుంది. పనసచెట్టు ముక్క, ఊట పై ముక్క, ఎలుగు బండ. బడి పిల్లలు పెద్దవాళ్లని అడిగి ఒక్కో ముక్కకీ ఎవరు, ఏ ఏట కొట్టారు, ఏ ఏట బీడు పెట్టారు అని నోటుపుస్తకంలో ఎక్కించారు. ఏడు అంకె పెద్దవాళ్లకి గుర్తుండదు. ఫలానా పెళ్లి అయిన ఏడు, పెద్ద వరద వచ్చిన ఏడు అంటారు. దాన్ని ఏడుగా మార్చే పని పిల్లలది, లెక్కల పాఠం కూడా అయింది. ఆ జాబితా, ముక్కల బొమ్మ, నరికిన ఆనవాళ్లున్న మోళ్ల ఫొటోలు గ్రామసభలో చదివించి తీర్మానంతో కలిపి పెట్టాం. మోడుని మనిషి నరికాడని దాన్ని చూస్తేనే తెలుస్తుంది, మోకాలెత్తున గొడ్డలి వాటు, పక్కనుంచి పిలకలు. అడవిలో దానంతట అది పెరిగిన చెట్టు అలా ఉండదు. పాతపోడులో చెట్లుండడం మా స్వాధీనానికి అడ్డు కాదని, ఆ చెట్ల మొదళ్లే సాక్ష్యమని తీర్మానంలో రాశాం.

కాగితం ఇంకా పైన ఉంది. ఊట పై ముక్క ఈ ఏడు ఆరో బీడులో ఉంది. పోయిన నెల వెళ్లి చూశాం, పడమటి వైపు గడ్డి చచ్చింది, తూర్పు వైపు ఇంకా చావలేదు. మరో మూడేళ్లు పడుతుందని పెద్దవాళ్లు అంటున్నారు.